అనంతపురం మాస్టారి మారథాన్ లెక్క: 1.06 బదులు ఆయన సొంత ఘాతాంకం

నవంబర్ మొదట్లో మా రన్నింగ్ గుంపులోని ఒక లెక్కల మాస్టారు కాగితం మీద మూడు రేసుల టైములు రాసుకొచ్చారు. వయసు 43. జనవరిలో ముంబైలో ఆయన మొదటి ఫుల్ మారథాన్. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఆయనకు 3 గంటల 50 నిమిషాలు వస్తుందని చెప్పింది. "అన్నా, 3:50కి పేస్ ప్లాన్ రాసియ్యి" అన్నారు. నేను వెంటనే రాయలేదు. ఎందుకు రాయలేదో, తర్వాత ఏ లెక్క మీద ఏ టైముకు రాశానో వివరంగా చెప్తాను. ఆయన ఒప్పుకున్నాకే ఈ అంకెలు ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఆ కాలిక్యులేటర్ ఏం చేస్తుందో చూద్దాం. అమెరికన్ ఇంజనీర్ పీట్ రీగెల్ 1977లో ఇచ్చిన సూత్రాన్నే ఇవాళ్టికీ చాలా కాలిక్యులేటర్లు వాడుతున్నాయి:

```
T2 = T1 × (D2 / D1)^k        k = 1.06
```

T1 అంటే మీరు పరిగెత్తిన రేసు టైము, D1 దాని దూరం. D2 అంటే మీరు పరిగెత్తబోయే దూరం, T2 దానికి పట్టే టైము. ఇందులో k అనే ఘాతాంకం విలువ 1 అయితే దూరం రెట్టింపైనప్పుడు టైము కూడా సరిగ్గా రెట్టింపవుతుంది. అంటే ఎంత దూరం పోయినా పేస్ తగ్గదన్నమాట. మనుషులకు అది సాధ్యం కాదు కాబట్టి k ఒకటి కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. ఆ పైన ఉన్న కొంచెమే అలసట. 1.06 అయితే దూరం రెట్టింపైనప్పుడు పేస్ సుమారు 4 శాతం పడిపోతుంది. 1.10 అయితే 7 శాతం పైగా పడుతుంది. ఒక్కొక్కరి k ఒక్కో రకంగా ఉంటుంది. కుర్రతనంలో 400, 800 మీటర్లు పరిగెత్తి వచ్చినవాళ్లకు ఎక్కువ ఉంటుంది, ఏళ్ల తరబడి వారానికి 80, 90 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లకు తక్కువ ఉంటుంది. అందరికీ 1.06 వేస్తే మొదటి రకంవాళ్లకు ఆశ ఎక్కువ చూపిస్తుంది.

మీవే రెండు రేసులు ఉంటే మీ k మీరే కట్టుకోవచ్చు. పై సూత్రాన్ని తిప్పి రాస్తే చాలు:

```
k = ln(T2/T1) / ln(D2/D1)
```

ఫోన్‌లో షీట్ తెరిచి రెండో వరుసలో చిన్న రేసు, మూడో వరుసలో పెద్ద రేసు పెట్టి, B గడుల్లో దూరం, C గడుల్లో టైము వేసుకుని, కింది రెండు లైన్లు రాస్తే పని అయిపోతుంది. మొదటిది D3లో రాయాలి, అది k ఇస్తుంది. రెండోది ఏ ఖాళీ గడిలో రాసినా ఫుల్ మారథాన్ టైము ఇస్తుంది.

```
=LN(C3/C2)/LN(B3/B2)
=C3*(42.195/B3)^D3
```

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. 48 నిమిషాల 30 సెకన్లను 48:30 అని టైప్ చేస్తే షీట్ దాన్ని 48 గంటల 30 నిమిషాలుగా తీసుకుంటుంది. 0:48:30 అని వేయాలి. k మైనస్‌లో వచ్చిందంటే, ఉదాహరణకు -4.38 లాంటిది కనిపిస్తే, తప్పు కాళ్లలో లేదు, ఈ సున్నాలో ఉంది.

మాస్టారు తెచ్చిన మూడు టైములు ఇవి. ఆగస్టులో అనంతపురంలోనే జరిగిన ఒక 10కె, 46:50. సెప్టెంబర్‌లో బెంగళూరులో 10కె, 48:30. అక్టోబర్‌లో హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్, 1:50:20. కాలిక్యులేటర్‌లో ఆయన వేసింది హాఫ్ టైము ఒక్కటే. 1.06తో దానికి ఫుల్ 3:50:02 వస్తుంది.

హాఫ్ దగ్గర కాసేపు ఆగితే ఆ 1.06 ఆయనకు సరిపోదని అక్కడే తెలుస్తుంది. బెంగళూరు 10కె నుంచి 1.06తో లెక్క కడితే హాఫ్ 1:47:01కి రావాలి. వచ్చింది 1:50:20. మూడు నిమిషాలకు పైగా తేడా. 10 నుంచి 21 కిలోమీటర్లకు పోయేలోపే ఇంత జారిన మనిషికి, 21 నుంచి 42కి పోయేటప్పుడు అదే సూత్రం ఎలా నిలబడుతుంది?

సరే, సొంత k కడదాం అనుకున్నాం. మాస్టారికి లాగరిథం కొత్త కాదు కదా, అక్కడే కూర్చుని రెండు జతలూ కట్టేశారు. బెంగళూరు 10కె, హాఫ్ కలిపితే k 1.101 వచ్చింది. ఫుల్ 3:56:40. అనంతపురం 10కె, హాఫ్ కలిపితే k 1.148. ఫుల్ 4:04:28. ఒకే మనిషి, ఒకే హాఫ్. 10కె మార్చేసరికి ఫుల్‌లో దాదాపు ఎనిమిది నిమిషాలు మారిపోయింది. "రెండిట్లో ఏది నాది అన్నా?" అని అడిగారు. ఈ పద్ధతిలో అసలు పని అంతా ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. సూత్రం రెండు నిమిషాల్లో అయిపోతుంది, దాంట్లో వేసే రెండు టైములు నమ్మదగ్గవా కాదా అన్నది తేల్చడానికే రోజులు పడతాయి.

నా అనుభవంలో పద్ధతిగా శిక్షణ చేసే రన్నర్ల k చాలావరకు 1.05కీ 1.13కీ మధ్య పడుతుంది. 1.15 దగ్గరికి వచ్చిందంటే చిన్న రేసు దూరం తక్కువై ఉండాలి, లేదా పెద్ద రేసులో ఏదో జరిగి ఉండాలి. కడుపు నొప్పో, ఎండో, మొదట్లోనే దూకేయడమో. 1.03 కంటే తక్కువ వస్తే చిన్న రేసు గట్టిగా పరిగెత్తలేదన్నమాట. కడప నుంచి వచ్చే ఒక చెల్లెలికి ఒకసారి 1.02 వచ్చింది. అడిగితే, ఆ 5కె తన స్నేహితురాలిని వెంటబెట్టుకుని, ఆమె పేస్‌లో పరిగెత్తిందట. అలాంటి టైము ఈ లెక్కకు పనికిరాదు. రెండు రేసుల్లోనూ ఫినిష్ దగ్గర ఇంకో కిలోమీటర్ అదే పేస్‌లో పోలేని స్థితిలో ఉండాలి.

మాస్టారి 1.148 విషయంలో నా అనుమానం దూరం మీద పడింది. మన ఊళ్లలో జరిగే 10కెల్లో చాలావాటిని ఎవరూ టేపుతోనో, సైకిల్‌తోనో కొలవరు. బైక్ మీద పోయి మీటర్ చూసి, యూటర్న్ దగ్గర ఒక బ్యారికేడ్ పెడతారు. పోలీసులు ట్రాఫిక్ కోసం ఆ బ్యారికేడ్‌ను కాస్త ముందుకు జరిపితే, జరిపిన దానికి రెట్టింపు దూరం తగ్గిపోతుంది. సర్టిఫైడ్ కోర్సులను కొలిచే తీరు వేరే. సైకిల్ చక్రానికి జోన్స్ కౌంటర్ అనే పరికరం బిగించి, రన్నర్లు పోగల అతి దగ్గర దారిలో తొక్కి కొలుస్తారు. కోర్సు పొరపాటున కూడా తక్కువ కాకూడదని కిలోమీటరుకు ఒక మీటరు అదనంగా కలుపుతారు. సూత్రం ఇచ్చిన రీగెల్ కూడా ఈ కోర్సు కొలిచే పనిలో ఏళ్లపాటు ఉన్నవాడే.

ఆగస్టు రేసుకు మాస్టారి వాచీ 9.7 చూపించింది. దీన్ని ఎలా చదవాలో తెలిసి ఉండాలి. సరిగ్గా కొలిచిన 10కెలో వాచీ మామూలుగా 10.05, 10.1 చూపిస్తుంది. ఎందుకంటే మలుపుల్లో మనం అతి దగ్గర దారిలో పోము, పైగా జీపీఎస్ చుక్కలు అటూ ఇటూ ఊగి గీతను కాస్త పొడుగు చేస్తాయి. అలాంటి వాచీ 9.7 అంటే నిజం దూరం ఇంకా తక్కువే. ఫోన్ మ్యాప్‌లో ఆ రోడ్డు మీద చుక్కలు పెట్టుకుంటూ పోయి కొలిస్తే 9.6 కిలోమీటర్లు తేలింది. 10 బదులు 9.6 వేసి మళ్లీ కడితే k 1.148 నుంచి 1.088కి దిగింది. 400 మీటర్ల తేడా k మీద ఎంత ఆడుకుంటుందో చూడండి.

ఇదే కారణంతో ఇంకో మాట. సర్టిఫైడ్ రేసు అయితే వాచీ దూరం వేయకండి, రేసు దూరమే వేయండి. హాఫ్‌కు వాచీ 21.3 చూపించినా లెక్కలో 21.0975 వేయాలి. టైము కూడా గన్ టైమ్ కాదు, మీరు స్టార్ట్ గీత దాటినప్పటి నుంచి లెక్కించే చిప్ టైమ్ వేయాలి. పెద్ద రేసుల్లో వెనక గుంపులో నిలబడితే రెంటికీ మధ్య నాలుగైదు నిమిషాలు కూడా ఉండొచ్చు.

ఇప్పుడు మన దగ్గర 1.101 ఒకటి, 1.088 ఒకటి ఉన్నాయి. రెండోది మ్యాప్‌లో కొలిచిన దూరం మీద నిలబడింది కాబట్టి దానికి నేను సగం మార్కులే ఇస్తాను. మొదటిది రెండు మంచి రేసుల నుంచి వచ్చింది. మరి దాన్నే తీసుకుని 3:56:40కి ప్లాన్ రాసేయొచ్చు కదా? ఇక్కడ మాస్టారికి నేను చూపించిన లెక్కే ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైనదని నా అభిప్రాయం.

హైదరాబాద్ హాఫ్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. బెంగళూరు 10కె రోజు చల్లగా ఉంది, మబ్బు పట్టింది. కాబట్టి హాఫ్ టైము ఆయన సత్తా కంటే ఒక్క శాతం నెమ్మదిగా వచ్చిందనుకుందాం. ఒక శాతం అంటే 66 సెకన్లు, అంటే రెండు ఫ్లైఓవర్లు, ఒక నీళ్ల టేబుల్ దగ్గర రద్దీ. దాన్ని సరిచేస్తే హాఫ్ 1:49:14, k 1.101 నుంచి 1.088కి వస్తుంది, ఫుల్ 3:52:10 అవుతుంది. హాఫ్‌లో ఒక నిమిషం తేడా ఫుల్‌లో నాలుగున్నర నిమిషాలైంది.

ఎందుకిలా? హాఫ్ టైము ఈ లెక్కలోకి రెండుసార్లు వస్తుంది. ఒకసారి k కట్టడానికి, ఇంకోసారి ఫుల్ టైముకు మొదలుగా. పైగా 10కె, హాఫ్ రెండూ దగ్గరదగ్గర దూరాలు. దగ్గరగా ఉన్న రెండు చుక్కల మీద స్కేలు పెట్టి పొడుగ్గా గీత గీస్తే, చుక్క వెంట్రుకంత జరిగినా గీత కొస బెత్తెడు జరుగుతుంది కదా, అట్లనే. అంకెల్లో చెప్పాలంటే 10కె, హాఫ్ జతతో ఫుల్ కడితే హాఫ్‌లో ఒక శాతం తప్పు ఫుల్‌లో 1.9 శాతం తప్పవుతుంది. 5కె, 10కె జతతో కడితే ఇంకా ఘోరం, 10కెలో ఒక శాతం తప్పు ఫుల్‌లో 3 శాతం దాటుతుంది. అదే 5కె, హాఫ్ జత అయితే హాఫ్‌లో ఒక శాతానికి ఫుల్‌లో 1.5 శాతం, 5కెలో ఒక శాతానికి అర శాతం మాత్రమే. రెండు దూరాల మధ్య నాలుగు రెట్ల తేడా ఉంటే ఈ పద్ధతి నిలబడుతుంది, రెండు రెట్లే ఉంటే ఊగుతుంది.

అందుకని ఆయన చేత ఒక 5కె పరిగెత్తించాను. దగ్గర్లో 5కె రేసు లేదు. కాలేజీ గ్రౌండులోని 400 మీటర్ల మట్టి ట్రాక్ మీద, తెల్లారుజామున, పన్నెండున్నర రౌండ్లు. ఒంటరిగా పరిగెత్తితే రేసంత గట్టిగా రాదు కాబట్టి ఆయనకంటే కాస్త వేగంగా పోయే ఇద్దరు కుర్రాళ్లను తోడు పెట్టాను. రౌండు రౌండుకూ టైము నేను అరుస్తూ ఉన్నాను. ఆ ముందు రెండు రోజులూ తేలిక పరుగులే. హాఫ్ జరిగి అప్పటికి నాలుగు వారాలు. ఈ వ్యవధి కూడా చూసుకోవాలి. రెండు రేసుల మధ్య ఆరేడు వారాలు దాటితే ఒంట్లో ఫిట్‌నెస్ మారిపోతుంది, అప్పుడు k మీ అలసటను కాకుండా మీ శిక్షణను కొలుస్తుంది.

5కె 23:05లో ముగించారు. చివరి రౌండు తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మాట రాకుండా నిలబడ్డారు. నాకు కావాల్సిన ఆధారం అదే.

5కె, హాఫ్ కలిపితే k 1.087. మ్యాప్‌తో కొలిచిన అనంతపురం రేసు ఇచ్చిన 1.088 పక్కనే పడింది. ఇంకో సరిచూపు కూడా చేశాం. 1.087తో 5కె నుంచి 10కె కడితే 49:01 రావాలి. బెంగళూరులో ఆయన 48:30 పరిగెత్తారు. అంటే ఆ చల్లటి రోజున ఆయన తన గీత కంటే ఒక శాతం మెరుగ్గా పరిగెత్తారు, ఆ మెరుగే మొదటి జతలో k ను 1.101కి నెట్టింది. మూడో రేసు ఉంటే ఇదే లాభం. రెండు చుక్కల మధ్య ఎప్పుడూ ఒక గీత దొరుకుతుంది, అది తప్పో ఒప్పో ఆ రెండు చుక్కలు చెప్పలేవు. మూడో చుక్క చెప్తుంది.

ఆయన ఇంకో సందేహం అడిగారు. "ట్రాక్ మీద నేను ఒక శాతం నెమ్మదిగా పరిగెత్తి ఉంటేనో?" వేసి చూశాం. k 1.094 అవుతుంది, ఫుల్ ఒక నిమిషం చిల్లర మాత్రమే వెనక్కి పోతుంది. దూరాల మధ్య ఎడం ఉంటే ఇలాంటి చిన్న తప్పుల్ని లెక్క తనలోనే సర్దుకుంటుంది.

1.087తో హాఫ్ నుంచి ఫుల్ 3:54:19. ఇదే ప్లాన్ అని ఆయన అనుకున్నారు. నేను ఇంకో అడుగు వేయాల్సి వచ్చింది.

రీగెల్ తన సూత్రం మూడున్నర నిమిషాల నుంచి 230 నిమిషాల దాకా పట్టే పరుగులకే అని చెప్పాడు. 230 నిమిషాలంటే 3 గంటల 50 నిమిషాలు. మాస్టారి ఫుల్ ఆ గీత అవతల పడుతోంది. పైగా ఆ సూత్రం రికార్డుల స్థాయి రన్నర్ల టైముల నుంచి పుట్టింది. 2016లో వికర్స్, వెర్టోసిక్ అనే ఇద్దరు మామూలు రన్నర్ల టైములు సేకరించి చూస్తే, హాఫ్ దాకా ఈ సూత్రం బాగానే సరిపోయింది, ఫుల్ దగ్గర మాత్రం సగం మందికి కనీసం పది నిమిషాలు తక్కువ చెప్పింది. కారణం తెలిసిందే. ఒంటికి ఇంధనంగా కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న గ్లైకోజెన్ హాఫ్ దాకా చాలామందికి సరిపోతుంది. 30, 32 కిలోమీటర్ల దగ్గర అది అడుగంటుతుంది, అప్పటికే తొడలు దెబ్బలు తిని ఉంటాయి. 5కె, హాఫ్ నుంచి కట్టిన k కి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఆ రెండు రేసుల్లో ఆ ఘట్టమే రాదు. కాబట్టి సొంత k ఆ పది నిమిషాల్లో కొన్నిటిని పట్టుకుంటుంది, అన్నిటినీ పట్టుకోలేదు.

మిగతాది శిక్షణను చూసి వేసుకోవాలి. వారానికి ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తుతున్నారు, లాంగ్ రన్‌లు ఎంతదాకా పోయాయి అన్నవే ఇక్కడ లెక్కలోకి వస్తాయి. మాస్టారు వారానికి 45 నుంచి 50 కిలోమీటర్లు. బడి, పరీక్ష పేపర్లు, ఇల్లు చూసుకుంటూ అంతకంటే కుదరదు. ఎస్కే యూనివర్సిటీ వైపు ఆదివారం లాంగ్ రన్‌లు 30 దాకా పోయాయి, అక్కడ చివరి ఐదు కిలోమీటర్లలో పేస్ ప్రతిసారీ పడుతూనే ఉంది. వారానికి 70 దాటేవాళ్లకైతే నేను సొంత k చెప్పిన టైమునే ఇచ్చేస్తాను. ఈయనకు మూడు నాలుగు నిమిషాలు కలపాలనిపించింది. 3:58. ఈ కలిపింది సూత్రం కాదు, నా అంచనా. ఆ మాట ఆయనకూ స్పష్టంగా చెప్పాను.

పేస్‌లోకి మారిస్తే, 3:50కి కిలోమీటరుకు 5:27. 3:58కి 5:38. పదకొండు సెకన్లే కదా అనిపిస్తుంది. మొదటి పది కిలోమీటర్లలో 5:27 ఆయనకు హాయిగా కూడా ఉంటుంది, అదే దాంట్లో ఉన్న ప్రమాదం. ఆయన హాఫ్ పరిగెత్తిన పేస్ 5:14. దానికి 13 సెకన్ల దూరంలో నాలుగు గంటలు నిలబడాలంటే వారానికి 45 కిలోమీటర్ల ఒళ్లు సరిపోదని నా నమ్మకం.

జనవరిలో ముంబైలో ఆయన 3:58:50కి ముగించారు. మొదటి సగం 1:58:40, రెండో సగం 2:00:10. 32 కిలోమీటర్ల దాకా పేస్ దాదాపు గీత గీసినట్టు ఉంది. తిరుగు దారిలో పెద్దర్ రోడ్ ఎక్కుడు దగ్గర 5:55కి పడింది, ఆ తర్వాత పూర్తిగా కోలుకోలేదు, నడవలేదు కూడా. ఎండ ఎక్కేలోపు మొదటి సగం అయిపోవడం కలిసొచ్చింది. అంచనాకూ ఫలితానికీ 50 సెకన్ల తేడానే వచ్చింది, కానీ దాన్ని పద్ధతి గెలుపుగా నేను చూపించను. ఇంకో ఐదు డిగ్రీల వేడి ఉంటే ఇదే ప్లాన్ నాలుగు గంటలు దాటేది.

నాకు ఆసక్తి కలిగించింది ఆ తర్వాత కట్టిన k. హాఫ్ నుంచి ఫుల్‌కు మాస్టారి k 1.114. 5కె నుంచి హాఫ్‌కు 1.087. అంటే ఆయన గీత నేరుగా లేదు, హాఫ్ దాటాక ఇంకాస్త నిటారుగా అవుతోంది. 5కె నుంచి ఫుల్‌కు ఒకేసారి కడితే 1.096 వస్తుంది. ఇది పైకి సగటులా కనిపించినా దేనికీ సరిగ్గా సరిపోదు. హాఫ్‌కు నెమ్మదైన టైము చెప్తుంది, హాఫ్ నుంచి ఫుల్‌కు వేగమైన టైము చెప్తుంది. అందుకే ఆయన షీట్‌లో ఇప్పుడు రెండు k లు విడివిడిగా ఉన్నాయి. హాఫ్ దాకా 1.087, హాఫ్ పైన 1.114.

రెండో k ఆయన శిక్షణతో పాటు మారేది. వారానికి 60 కిలోమీటర్లకు పెంచగలిగితే, లాంగ్ రన్ చివర్లో పేస్ పడకుండా ఉంటే, 1.114 కిందికి దిగాలి. మొదటి k అంత త్వరగా మారదు. 5కె వేగం పెరిగితే హాఫ్ కూడా దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, k అక్కడే ఉంటుంది. అది రెండు సీజన్లలో ఒకేలా వస్తే మీదేనని నమ్మొచ్చు. ఒక్క జత మీద వచ్చిన అంకెను నేను నమ్మేది సగమే. అలాంటప్పుడు దాన్ని 1.08 వైపు సగం లాగి వాడతాను. మాస్టారు 10కె, హాఫ్ మాత్రమే తెచ్చి ఉంటే 1.101 బదులు 1.09 వేసేవాణ్ని.

ఎండాకాలంలో అనంతపురంలో ఈ పనికి రేసు పరిగెత్తడం దండగ. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారుజామున ఐదింటికి కూడా రోడ్డు వేడి దిగదు. అప్పుడు పెద్ద రేసు చిన్న రేసు కంటే ఎక్కువ దెబ్బతింటుంది కాబట్టి k ఎప్పుడూ ఎక్కువగానే వస్తుంది. మాస్టారి తర్వాతి 5కె ఆగస్టులో, అదే ట్రాక్ మీద, అదే ఇద్దరు కుర్రాళ్లతో. హాఫ్ సెప్టెంబర్ చివర్లో బెంగళూరులో. ఆ రెండు టైములూ వచ్చాక పాత వరుసలు చెరిపేయకుండా కొత్తవి కింద వేస్తాం. 5కె 22:30కి వస్తే, 1.087 నిజంగా ఆయనదే అయితే, హాఫ్ 1:47:30 చుట్టుపక్కల రావాలి.